వరి మడి, రొయ్యల చెరువు: గోదావరి డెల్టాలో ఉత్పత్తి అవకాశాల రేఖ

గోదావరి డెల్టాలో రొయ్యల చెరువుల మీద వాదన మొదలైతే సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. చెరువు తవ్వితే ఊరికి బియ్యం తగ్గిపోతుందని ఒకరంటారు. వరిలో మిగిలేది లేదు కాబట్టి ఎవరి భూమి వారిష్టమని మరొకరంటారు. ఈ రెండు మాటల మధ్య తేల్చవలసిన ప్రశ్నలు నిజానికి మూడున్నాయి. ఒక టన్ను రొయ్యల కోసం ఎంత వరి వదులుకుంటున్నాం? ఏదీ వదులుకోకుండానే పెంచుకోగలిగిన పంట ఊళ్లో ఏమైనా మిగిలి ఉందా? ఈ మార్పు వల్ల ఊరి శక్తే పెరుగుతోందా, తరుగుతోందా? ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడితే వాదన ఎక్కడికీ వెళ్లదు. అర్థశాస్త్రంలోని ఉత్పత్తి అవకాశాల రేఖ వీటిని విడదీసి చూపిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో వెన్న, తుపాకుల ఉదాహరణతో ముగిసిపోయే ఈ పాఠం డెల్టా భూముల మీద పెట్టి చూసినప్పుడు చాలా ఎక్కువ చెబుతుంది.

ఒక ఊరిని ఊహించుకుందాం. ఇక్కడ ఇచ్చే అంకెలు లెక్క సులువుగా సాగడానికి అనుకున్నవే. ఊరికి వెయ్యి ఎకరాల సాగుభూమి ఉంది. కాలువ తల దగ్గర 250 ఎకరాలు మెరక, మంచి నేల, నీరు ముందుగా అందుతుంది. వానాకాలపు సార్వా, ఆ తర్వాతి దాళ్వా కలిపి ఎకరాకు ఏడాదికి 60 బస్తాల వరి పండుతుంది. ఇక్కడ బస్తా అంటే 75 కిలోలు. దాని కింద 250 ఎకరాల్లో 48 బస్తాలు, ఇంకా దిగువన 250 ఎకరాల్లో 36 బస్తాలు. చివరి 250 ఎకరాలు శివారు భూములు. వాటి పక్కనే ఉప్పుటేరు ఉంది. దాళ్వాకు నీరు సరిగా రాదు, పండేది ఎకరాకు 18 బస్తాలు. రొయ్యల సంగతి ఇందుకు తలకిందులు. ఉప్పునీరు చేతికందే శివారులో ఎకరాకు ఏడాదికి మూడు టన్నులు వస్తే, దాని పైభాగంలో రెండు, ఆపైన 1.6, నీరు తొందరగా ఇంకిపోయే కాలువ తల మెరకలో ఒక టన్ను మాత్రమే వస్తుంది.

ఊరంతా వరి వేస్తే 40,500 బస్తాలు, రొయ్యలు సున్నా. ఇప్పుడు శివారు 250 ఎకరాలను చెరువులు చేస్తే 4,500 బస్తాలు పోయి 750 టన్నుల రొయ్యలు వస్తాయి. టన్నుకు ఆరు బస్తాలు వదులుకున్నట్టు. అవకాశ వ్యయం అంటే ఇదే: జేబులోంచి పెట్టిన ఖర్చు కాదు, చేజారిన పంట. దాని పై 250 ఎకరాలనూ మారిస్తే 9,000 బస్తాలు పోయి వచ్చేది 500 టన్నులే, అంటే టన్నుకు 18 బస్తాలు. ఆపై భాగంలో టన్నుకు 30 బస్తాలు. చివరికి కాలువ తల భూములను కూడా తవ్వేస్తే టన్ను రొయ్యల కోసం 60 బస్తాల వరి వదులుకోవాలి. అప్పటికి ఊళ్లో 1,900 టన్నుల రొయ్యలు ఉంటాయి, వరి గింజ ఉండదు.

అడ్డంగా రొయ్యలు, నిలువుగా వరి పెట్టి ఈ బిందువులను కలిపితే బయటకు ఉబ్బిన గీత వస్తుంది. ఈ ఊరి ఉత్పత్తి అవకాశాల రేఖ ఇదే. మొదట నెమ్మదిగా వాలి, పోను పోను నిటారుగా పడిపోతుంది. ఆ ఉబ్బుకు కారణం భూములన్నీ ఒకేలా లేకపోవడమే. వెయ్యి ఎకరాలూ ఒకే రకం నేలై, ఒకే నీరు అందితే గీత తిన్నగా ఉండేది, టన్నుకు వదులుకునే బస్తాలు మొదటి నుంచి చివరి దాకా మారేవి కావు. కాబట్టి ‘ఒక ఎకరం చెరువు వల్ల ఎంత వరి నష్టం’ అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఏ ఎకరం అన్నది తేలాలి. సగటు లెక్క చూపించి చెరువులు మంచివనో చెడ్డవనో చెప్పేవారిని ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే.

ఈ గీత మీద ఉండటమంటే ఉన్న భూమి, నీరు, మనుషులు, యంత్రాలతో సాధ్యమైన గరిష్ఠ స్థాయిలో ఉండటం. అక్కడ ఒకటి పెంచాలంటే ఇంకొకటి తగ్గాల్సిందే. కొరత అంటే ఈ అర్థంలోనే. డెల్టాను చూసి కొరత అనే మాట వాడటం వింతగా తోచవచ్చు. ఆగస్టులో గోదావరి వరద ధవళేశ్వరం దాటి సముద్రంలోకి పోతూనే ఉంటుంది కదా! కానీ అదే నది దాళ్వాలో సన్నబడుతుంది. సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటి మీద ఆధారపడాల్సి వస్తుంది. తక్కువ పడిన ఏడాది కాలువలకు వంతులవారీగా నీరిస్తారు, శివారు రైతు ఇంజిన్ పెట్టి తోడుకుంటాడు. సార్వాలో నీరు దండిగా ఉంటుంది, అయితే దాన్ని బయటకు పంపే మురుగు కాలువల సామర్థ్యం చాలదు. అంటే ఒకే ఊళ్లో కొరత రుతువును బట్టి చోటు మారుతుంది: ఒకప్పుడు నీరు, ఇంకొకప్పుడు నీరు పోయే దారి.

గీతకు లోపలి బిందువుల దగ్గరే అసలు ఆసక్తికరమైన సంగతులు ఉంటాయి. లోపల ఉండటమంటే వనరులు ఖాళీగా పడి ఉండటమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది నిజమే. అయితే ఒక్క ఎకరం కూడా బీడు లేకుండా ఊరు గీతకు లోపల ఉండవచ్చు. మన ఊళ్లో మొదటి చెరువులు శివారులో కాకుండా కాలువ తల దగ్గర తవ్వారనుకుందాం. అలా జరగడానికి కారణాలు కనబడుతూనే ఉంటాయి. అక్కడ రోడ్డుంది, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లకు కరెంటు లైను దగ్గర, మంచినీరు ముందుగా వస్తుంది, యజమాని పట్నంలో ఉండి ఎక్కువ కౌలు ఇచ్చేవారికి భూమి రాసిస్తాడు. అప్పుడు 250 టన్నుల రొయ్యల కోసం 15,000 బస్తాలు పోతాయి, ఊరికి మిగిలేది 25,500. అదే 250 టన్నులను శివారులో తీసి ఉంటే సుమారు 83 ఎకరాలు చాలేవి, పోయేది 1,500 బస్తాలే, ఊరికి 39,000 మిగిలేవి. రొయ్యలు అంతే, భూమంతా సాగులోనే ఉంది, కూలీలంతా పనిలోనే ఉన్నారు. అయినా 13,500 బస్తాలు ఎవరికీ దక్కకుండా పోయాయి. ఏ లెక్కల పుస్తకంలోనూ ఈ నష్టం కనబడదు, ఎందుకంటే పండని పంటకు రసీదు ఉండదు. తప్పుచోట తవ్విన చెరువు కూడా బీడుభూమి అంత నష్టమే చేస్తుందన్న ఈ విషయం డెల్టాలో ఇంకా చాలినంత గట్టిగా వినబడటం లేదు.

వనరులు నిజంగా ఖాళీగా పడిన సందర్భం కూడా డెల్టాకు తెలుసు. 2011 సార్వాలో కోనసీమ రైతులు వేలాది ఎకరాల్లో నాట్లు వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. భూమి ఉంది, కాలువలో నీరుంది, విత్తనం ఉంది, పొలం మాత్రం ఖాళీగా ఉంది. కారణాలు తేల్చమని ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు, అంటే బస్తాకు 810. పెరిగిన కూలి, ఎరువుల ఖర్చు దానికి మించిపోతోందని, ఆ మద్దతు ధర కూడా చేతికి రావడం లేదని, మురుగు తీయక సార్వా మునిగిపోతోందని రైతులు చెప్పారు. ఊరి బిందువు గీతకు లోపలికి జారింది గానీ ఆ నిర్ణయం తీసుకున్న రైతు తన వరకు సరిగానే లెక్కవేశాడు. నష్టం వచ్చే పంట వేయకపోవడం బద్ధకం కాదు. రేఖ చూపించేది ఊరంతటి శక్తిని. ఆ శక్తిని వాడటం ఎవరికి లాభమన్నది ధరలు తేలుస్తాయి. ఈ రెండూ కలవని చోట పొలాలు ఖాళీగా కనబడతాయి.

మురుగు కాలువల సంగతి ఇంకొంచెం దగ్గరగా చూడదగ్గది. సార్వా నాట్లు పడ్డాక ఒక పెద్ద వాన కురుస్తుంది. మిగులు నీరు బోదెల్లోంచి చిన్న మురుగు కాలువలోకి, అక్కడి నుంచి పెద్ద మురుగు కాలువలోకి, చివరికి సముద్రంలోకి పోవాలి. కాలువ నిండా గుర్రపుడెక్క అల్లుకుని, అడుగున పూడిక పేరుకుని ఉంటే నీరు వెనక్కి తన్నుతుంది. నాటి పది రోజులైనా కాని లేత మొక్క వారం రోజులు నీటి అడుగున ఉంటే కుళ్లిపోతుంది. మళ్లీ నాటడానికి ఆకుమడి మిగలదు, అదనూ దాటిపోతుంది. మన ఊళ్లో శివారు మాత్రమే చెరువులుగా మారి 36,000 బస్తాలు, 750 టన్నుల దగ్గర ఉందనుకుందాం. రెండో భాగంలోని 250 ఎకరాల్లో సార్వా మునిగి ఎకరాకు 20 బస్తాలు పోతే వరి 31,000కు పడిపోతుంది, రొయ్యలు మాత్రం అవే 750. పూడిక తీస్తే ఆ 5,000 బస్తాలు తిరిగి వస్తాయి, ఒక్క రొయ్య కూడా తగ్గదు. ఊరు గీత మీద ఉందా లోపల ఉందా తెలుసుకోవడానికి పరీక్ష ఇదే: రెండోదాన్ని ముట్టకుండా మొదటిది పెరుగుతుందా? పెరిగితే ఊరు లోపలే ఉంది.

ఈ పరీక్షలో ఒక మెలిక ఉంది. పూడిక తీయడానికి పొక్లెయిన్లు, డీజిలు, మనుషులు కావాలి. తీయవలసింది వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు. అప్పుడు యంత్రాలు ఖాళీగా ఉంటే ఊరికి పడే భారం నామమాత్రమే. అదే వేసవిలో అవే యంత్రాలు కొత్త చెరువులు తవ్వుతూ తీరిక లేకుండా ఉంటే పూడికతీతకూ అవకాశ వ్యయం ఉంటుంది, కొన్ని ఎకరాల చెరువు తవ్వకం వాయిదా పడుతుంది. ఆ వాయిదా కన్నా 5,000 బస్తాలు పెద్దవేనని లెక్క వేస్తే తెలుస్తుంది. అయినా ఆ లెక్క వేసి చూడాలి. ‘ఊరికే వచ్చేస్తుంది’ అని ముందే అనుకోకూడదు.

గీతే కదిలిపోవడం వీటన్నింటికన్నా వేరు. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అలాంటిది. అంతకు ముందు వాన పడితేనే పండే నేలకు కాలువ నీరొచ్చింది. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, వరి వైపు చివరను పైకి జరిపింది. ఒక వైపే జరిగితే గీత తలుపులా ఒక చివర నిలిచి రెండో చివర తెరుచుకుంటుంది. రొయ్య వైపు ఇది రెండు దిక్కులా జరిగింది. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి వచ్చి టైగర్ రొయ్య చెరువులు ఖాళీ అయ్యాయి. భూమీ చెరువూ అలాగే ఉన్నా రొయ్య వైపు చివర కుంచించుకుపోయింది. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక అదే చివర బయటకు జరిగింది. ఊళ్లో పంటల వాటాలు మారినప్పుడు ఏం జరిగిందో తేల్చుకోవాలి. జనం గీత వెంట నడిచారా, గీతే కదిలిందా? మొదటిదైతే పోయిన వరికి బదులుగా రొయ్య వచ్చింది. రెండోదైతే ఏమీ వదులుకోకుండా వచ్చింది ఉండవచ్చు, లేదా ఏమీ రాకుండా పోయింది ఉండవచ్చు.

డెల్టాకు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇక్కడే ఉంది. చెరువు తన సరిహద్దులో ఆగదు. ఉప్పునీరు గట్టు కింద నుంచి పక్క మడిలోకి ఊరుతుంది. మార్చి వచ్చేసరికి గట్టు పక్కన మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. వరి ఆకుల కొనలు తెల్లబడి ఎండుతాయి, చేను మచ్చలు మచ్చలుగా పలచబడుతుంది, తాలు గింజలు ఎక్కువవుతాయి. మట్టి పరీక్షలో ఉప్పు ఎంతుందో తెలిపే విద్యుత్ వాహకత మీటరుకు మూడు డెసీసీమెన్స్ దాటిన దగ్గర నుంచి ఒక్కో యూనిట్ పెరిగినప్పుడల్లా వరి దిగుబడి సుమారు 12 శాతం చొప్పున పడిపోతుందని వ్యవసాయ శాస్త్రంలో వాడుకలో ఉన్న అంచనా. వాహకత ఎనిమిదిన్నర దాకా వెళ్లిందంటే దిగుబడిలో మూడింట రెండు వంతులు పోయినట్టే.

ఈ ఊటను మన ఊరి లెక్కలో పెడితే గీత రూపమే మారిపోతుంది. శివారు చెరువుల వల్ల కొన్నేళ్లలో పక్కనున్న 250 ఎకరాల దిగుబడి 36 నుంచి 12 బస్తాలకు పడిందనుకుందాం. శివారు రైతుకు తన లెక్కలో టన్నుకు ఆరు బస్తాలే పోయాయి. ఊరికి మాత్రం శివారు వరి 4,500తో పాటు పక్క భూముల్లో మరో 6,000 బస్తాలు పోయాయి, అంటే టన్నుకు 14 బస్తాలు. ఆ తర్వాత జరిగేది ఇంకా గమనించదగ్గది. పాడైన ఆ 250 ఎకరాల రైతు ఇప్పుడు చెరువు తవ్వితే వదులుకునేది ఎకరాకు 12 బస్తాలు, వచ్చేది రెండు టన్నులు, అంటే టన్నుకు ఆరు బస్తాలే. ఊట లేకపోతే అది 18 అయ్యేది. నష్టమే తర్వాతి మార్పును చవకగా కనబడేలా చేసింది. ఒకరు తవ్వితే పక్కవారు, వారి పక్కవారు తవ్వుతూ పోవడానికి ఆశ కన్నా ఈ లెక్కే పెద్ద కారణం. వరి వేసుకుందామన్నా వేయలేని స్థితికి వచ్చిన రైతును ‘నీ ఇష్టంతోనే మారావు’ అనడం అన్యాయం.

మొదటి భాగం టన్నుకు 14, రెండో భాగం ఆరు అయినప్పుడు గీత అక్కడ బయటకు ఉబ్బదు, లోపలికి వంగుతుంది. పాఠ్యపుస్తకపు గీత మీద మధ్యలో ఎక్కడో ఆగి రెండూ కొంచెం కొంచెంగా చేసుకోవడం సహజంగా కనిపిస్తుంది. లోపలికి వంగిన చోట మధ్యలో ఆగడమే అన్నిటికన్నా ఖరీదు. మడి పక్కన చెరువు, చెరువు పక్కన మడి ఉన్న చెల్లాచెదురు పద్ధతి రెండింటినీ పాడు చేస్తుంది. చెరువులను ఒకచోట చేర్చి, వాటికీ వరికీ మధ్య మురుగు కాలువనో ఖాళీ భూమినో వదలాలనే వాదనకు బలం ఇక్కడి నుంచే వస్తుంది. చెరువు నీరు కాలువలోకి వదలకుండా వేరే దారి ఉండాలన్నదీ ఇందులో భాగమే. వాడేసిన ఆ నీరు తిరిగి కాలువలో కలిస్తే దిగువ ఊళ్ల గీత కూడా లోపలికి జరుగుతుంది.

గీత మీద ఏ బిందువు దగ్గర నిలవాలో గీత చెప్పదు, ధరలు చెబుతాయి. టన్ను రొయ్యకు ఎన్ని బస్తాల వరి ధర పలుకుతుందో, ఆ నిష్పత్తి అవకాశ వ్యయం కన్నా ఎంత ఎక్కువగా ఉంటే అంతగా జనం రొయ్య వైపు జరుగుతారు. 2025 ఆగస్టులో భారతీయ సరుకుల మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు ఊరి చెరువులో ఏమీ మారలేదు. పిల్ల అదే, మేత అదే, కిలోకు వంద రొయ్యలు తూగే వంద కౌంట్ సరుకు అదే. మారింది ధర. గీత కదలకపోయినా దాని మీద నిలబడాలనుకునే చోటు మారింది. అయితే రైతు మనసు మారినంత తేలికగా భూమి వెనక్కి మారదు.

కాగితం మీద ఏ బిందువు నుంచైనా ఏ బిందువుకైనా జరగవచ్చు. వరి మడిని చెరువు చేయడానికి ఒక వేసవి చాలు. చెరువును వరి మడి చేయాలంటే గట్లు చదును చేయాలి, అడుగున పేరుకున్న బురద తీయాలి, మంచినీరు పెట్టి కలియదున్ని ఉప్పు కడిగిన నీటిని మురుగు కాలువలోకి తీసేయాలి, అలా ఒక్క సార్వాతో కాదు, వరసగా కొన్ని సార్వాలు. ఆ కడగడానికి కావలసిన నీరు అదే కాలువ నుంచి రావాలి, ఆ ఉప్పు నీరు అదే పూడిన మురుగు కాలువలోంచి పోవాలి. దాళ్వాలో కడగాలంటే ఆ నీరు ఇంకో శివారు రైతు వంతులోంచి తగ్గుతుంది. తిరుగు ప్రయాణానికీ అవకాశ వ్యయం ఉందన్నమాట. మొదటి చెరువుకు అనుమతి ఇచ్చే రోజు టన్నుకు ఆరు బస్తాలని రాసుకున్న లెక్కలో ఊటకు పోయే ఎనిమిది బస్తాలతో పాటు ఈ ఖర్చునూ చేర్చాలి.